రెండు పఫ్‌లకు లొంగని ఆయాసం

ప్రశ్న: నా వయసు 41. ఆదిలాబాద్ దగ్గర పల్లెలో ఉంటాం. పదేళ్లుగా ఆస్తమా ఉంది. ఆయాసం వచ్చినప్పుడు ఆస్థాలిన్ పంపు కొట్టుకుంటాను, వేరే మందు ఏదీ లేదు. సంక్రాంతికి ముందు ఒకరోజు సాయంత్రం సజ్జల మీది సామాను దించి బూజు దులిపాను. ఏడు గంటలకు పెరట్లోకి వెళ్లి చలిగాలిలో గిన్నెలు తోముతుంటే పిల్లికూతలు మొదలై ఛాతీ పట్టేసింది. వెంటవెంటనే రెండు పఫ్‌లు కొట్టాను, పెద్దగా తగ్గలేదు. ఎనిమిదింటికి ఇంకో రెండు కొడితే సర్దుకుంది. రాత్రి రెండింటికి మళ్లీ లేచి కూర్చున్నాను. మాట కూడా సరిగా రాలేదు. ఎక్కువ కొడితే గుండెకు మంచిది కాదు, అలవాటైపోతుంది అని మా అత్తమ్మ అంటే ఒక్క పఫ్‌తో ఆపుకుని తెల్లారాక ఆసుపత్రికి పోయాను. ఆక్సిజన్ పెట్టారు. పంపు పనిచేయలేదా, నేనే తప్పు కొట్టానా? ఎన్నిసార్లు కొట్టొచ్చు? ఆసుపత్రికి ఎప్పుడు పోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: రాత్రి రెండింటికి మాట తెగిపోతున్నప్పుడే 108కి ఫోన్ చేసి ఉండాల్సింది. ఆ నాలుగు గంటలు ఎలాగో గట్టెక్కారు గానీ, ఆస్తమాతో ప్రాణాలు పోయేది సరిగ్గా ఇలాంటి రాత్రుల్లోనే. మందు తప్పేమీ లేదు. సాయంత్రం అది చాలావరకు ఊపిరితిత్తుల దాకా చేరి ఉండదు, రాత్రి చాలినంత వాడలేదు. రెండింటికీ కారణాలు వేరు, కాబట్టి విడివిడిగా చూద్దాం.

ఆయాసం వచ్చినప్పుడు ఊపిరి గొట్టాల్లో మూడు పనులు జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, జిగురు కళ్లె పేరుకుంటుంది. మీ పంపులోని సాల్బుటమాల్ వీటిలో మొదటిదాని మీద మాత్రమే పనిచేస్తుంది. అయిదు నిమిషాల్లోనే కండరాన్ని వదులు చేస్తుంది, ఆ వదులు నాలుగు నుంచి ఆరు గంటలు నిలుస్తుంది. వాపు జోలికి అది పోదు.

సజ్జ మీద పేరుకున్న దుమ్ములో మట్టి ఒక్కటే ఉండదు. పాత బొంతల్లో, దిండ్లలో పెరిగే కంటికి కనిపించని డస్ట్ మైట్ అనే పురుగుల విసర్జన, బొద్దింకల పొట్టు కూడా ఉంటాయి. అవి పడనివాళ్లకు ఆస్తమా రెండు విడతలుగా రావచ్చు. మొదటి విడత దుమ్ము పీల్చిన కొద్ది నిమిషాల నుంచి గంటలోపు వస్తుంది, అది ఎక్కువగా కండరం బిగుసుకోవడమే. రెండోది నాలుగు నుంచి ఎనిమిది గంటల తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంది, అందులో వాపుదే పెద్ద పాత్ర. అందరికీ రెండో విడత రాదు. మీ విషయంలో గంటలు లెక్కపెట్టి చూడండి: సాయంత్రం దులిపారు, ఎనిమిదింటికి కొట్టిన పఫ్‌ల ప్రభావం రెండింటికల్లా అయిపోయింది, అదే వేళకు వాపు ముదిరింది. పైగా ఆస్తమా ఉన్నవాళ్లకు తెల్లవారుజామున గొట్టాలు మామూలుగానే కాస్త ఇరుకవుతాయి. మీకు రెండుసార్లు రాలేదు. వచ్చింది ఒక్కటే, మధ్యలో పంపు దాన్ని కప్పిపెట్టింది.

చలిగాలి చేసే పని వేరు. ముక్కు గుండా వెళ్లే గాలి లోపలికి చేరేలోగా వెచ్చబడి, తడి పట్టుకుంటుంది. పని చేస్తూ రొప్పుతున్నప్పుడు నోటితో పీలుస్తాం. అప్పుడు పొడి చలిగాలి నేరుగా గొట్టాల్లోకి పోయి లోపలి పొరలోని తేమను లాగేస్తుంది, దానికి కండరం బిగుసుకుంటుంది. దుమ్ముతో అప్పటికే రేగి ఉన్న గొట్టాలకు పెరటి చలి కొద్దిగా తగిలినా చాలు.

కాబట్టి ఇకమీదట పంపు కొట్టాక తగ్గిందా లేదా అని మాత్రమే చూడకండి. ఎంతసేపు తగ్గింది అన్నది గడియారం చూసి కాగితం మీద రాసుకోండి. నాలుగు గంటలు కూడా నిలవకుండా ఆయాసం తిరిగొస్తే లోపల వాపు పెరుగుతోందని అర్థం. దానికి పంపు ఒక్కటే చాలదు, ఆ రోజే డాక్టర్ చూడాలి.

ఇక కొట్టే తీరు. ‘వెంటవెంటనే రెండు’ అన్నారు కదా, సాయంత్రం మందు వృథా అయింది అక్కడే అనుకుంటున్నాను. డబ్బాలో మందు ద్రవంలో కరిగి ఉండదు, సన్నని పొడిగా తేలుతూ ఉంటుంది, కదపకపోతే అడుగుకు చేరుతుంది. అందుకే ప్రతి పఫ్‌కు ముందు, ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు గట్టిగా ఆడించాలి. కొత్త పంపయినా, అయిదు రోజులకు పైగా వాడని పంపయినా ముందు రెండుసార్లు గాలిలోకి కొట్టి వదిలేయాలి. చలికాలంలో ఇంకో సంగతి ఉంది. డబ్బా చల్లగా ఉంటే మందు సరిగా చిమ్మదు. కిటికీ గట్టు మీద పెట్టిన పంపయితే ముందు అరచేతుల్లో కాసేపు పట్టుకుని వెచ్చబెట్టండి. పొయ్యి దగ్గర మాత్రం పెట్టకండి, అది పేలిపోయే డబ్బా.

మూత తీసి, లోపల దారం పోగో చెత్తో ఇరుక్కుందేమో చూడండి. కూర్చుని లేదా నిలబడి, మెల్లగా ఊపిరంతా బయటికి వదలండి. పంపు మూతిని పళ్ల మధ్య పెట్టుకుని పెదవులు గట్టిగా మూయండి, నాలుక అడ్డు రాకూడదు. నోటితో మెల్లగా పీల్చడం మొదలుపెట్టి, వెంటనే డబ్బాను ఒక్కసారి నొక్కండి. నొక్కాక పీల్చడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. నొక్కిన తర్వాత కూడా నాలుగైదు సెకన్ల పాటు అలాగే పీలుస్తూ పోవాలి. బలంగా ఒక్క గుక్కలో లాగితే మందు గొంతు గోడకు కొట్టుకుని అక్కడే ఆగిపోతుంది. ఛాతీ నిండాక పంపు తీసి, నోరు మూసుకుని పది సెకన్లు ఊపిరి బిగపట్టండి. అంతసేపు చేతకాకపోతే చేతనైనంత. అర నిమిషం ఆగి, మళ్లీ ఆడించి, రెండోది.

తప్పు జరిగిందని తెలుసుకోవడం సులువు. అద్దం ముందు నిలబడి కొట్టండి. పెదవుల పక్క నుంచో, ముక్కులోంచో, పంపు పైనుంచో తెల్లటి పొగలా కనిపిస్తే ఆ మందు మీకు అందనట్టే. నాలుక మీద చేదుగా పడినా చాలా భాగం నోట్లోనే ఆగిపోయిందని.

నిజం చెప్పాలంటే, ఆయాసంలో రొప్పుతున్న మనిషి నొక్కడం, పీల్చడం సరిగ్గా కలపలేడు. నేర్చుకున్నవాళ్లకే తప్పిపోతుంది. అందుకే స్పేసర్ కొనుక్కోండి. రెండు ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ బుర్ర అది, మందుల దుకాణాల్లో దొరుకుతుంది. ఒక చివర పంపు గుచ్చి, రెండో చివర నోట్లో పెట్టుకుని, ఒక్క పఫ్ అందులోకి కొట్టి, మామూలుగా నాలుగుసార్లు నోటితో ఊపిరి పీల్చి వదలాలి. సమయం కలపాల్సిన అవసరమే లేదు. ఒకేసారి రెండు మూడు పఫ్‌లు అందులో నింపకండి, మందు బుర్ర గోడలకు అంటుకుపోయి మీకు చేరేది తగ్గుతుంది. కొత్తదాన్ని ముందు సబ్బునీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి. గుడ్డతో రుద్దితే ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పుట్టి మందును గోడకు లాక్కుంటుంది. నెలకోసారి అలాగే కడిగితే చాలు.

ఇప్పుడు ‘ఎన్నిసార్లు’ అన్న ప్రశ్న. ఇంట్లో గుర్తుంచుకోవడానికి నాలుగు అంకె పట్టుకోండి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కో పఫ్‌కు స్పేసర్‌లో నాలుగు ఊపిర్లు, ఆ తర్వాత నాలుగు నిమిషాలు ఆగడం. తగ్గకపోతే ఇంకో నాలుగు. అప్పటికీ తేలిక కాకపోతే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా, దారిలో కూడా, నాలుగు నిమిషాలకోసారి నాలుగు పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. ప్రమాద సూచనలు మొదట్లోనే కనిపిస్తే మాత్రం వరస మారుతుంది. ముందు ఫోన్, తర్వాత పఫ్‌లు.

మీ సాయంత్రాన్ని ఈ లెక్కలో పెట్టి చూద్దాం. ఏడింటికి పిల్లికూతలు మొదలవగానే గిన్నెలు అక్కడే వదిలేసి లోపలికి వచ్చి తలుపు వేసుకోవాలి, దుమ్ము దులిపిన గదిలోకి కాదు. ఏడు అయిదుకల్లా నాలుగు పఫ్‌లు పూర్తవుతాయి. ఏడు పదికి ఇంకా బిగువుంటే మరో నాలుగు. ఏడుంబావుకు తేలికపడితే టైము రాసుకోవాలి. తేలిక పడకపోతే అప్పుడే ఫోన్. మీరు రెండు కొట్టి గంట ఎదురుచూశారు. మందు పనిచేసేదుంటే అయిదు పది నిమిషాల్లో తెలిసిపోతుంది, గంట ఆగాల్సిన పని లేదు. ఆ రాత్రి ఒంటరిగా ఒక గదిలో పడుకోకుండా, పంపూ స్పేసరూ తల దగ్గర పెట్టుకుని, మళ్లీ రావచ్చని ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి. రెండింటికి లేచినప్పుడు మాట తెగుతోంది కాబట్టి ఒకరు ఫోన్ చేస్తుంటే ఇంకొకరు పఫ్‌లు ఇవ్వాలి.

మీ అత్తమ్మగారి భయం చాలా ఇళ్లలో ఉన్నదే, దానికి ఒక లెక్కతో జవాబు చెప్పొచ్చు. మీ పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. ఆసుపత్రిలో పెద్దవాళ్లకు నెబ్యులైజర్ పెట్టినప్పుడు ఒక్కసారికి పోసే సాల్బుటమాల్ సాధారణంగా 2.5 మిల్లీగ్రాములు, అంటే మీ పంపులో 25 పఫ్‌లు. అందులో చాలా భాగం ఆవిరిగా బయటికే పోతుంది గానీ, ఎనిమిది పఫ్‌లకు గుండె ఆగిపోతుందేమో అన్న భయం మాత్రం అనవసరం. చేతులు వణకడం, గుండె దడదడలాడడం నిజమే. కాసేపటికి అవే తగ్గుతాయి. మీకు గుండె జబ్బు కూడా ఉంటే పఫ్‌లు మానకుండానే ఆసుపత్రికి మరింత త్వరగా బయలుదేరాలి. అలవాటుపడటం అన్నది మద్యానికి, పొగాకుకు వాడే అర్థంలో ఈ మందుకు లేదు. పదే పదే అవసరమవుతోందంటే జబ్బు అదుపులో లేదన్నమాట.

ఇంట్లోవాళ్లు గమనించాల్సిన ప్రమాద సూచనలు ఇవి. ఒక వాక్యం ఆపకుండా చెప్పలేకపోవడం అన్నిటికంటే తేలిగ్గా పట్టుకోదగింది. ‘నీ పేరు, ఊరు చెప్పు’ అని అడిగితే రెండు మాటలకోసారి ఊపిరి తీసుకుంటుంటే ఆగొద్దు. ఛాతీ ఎగసిపడటం చూస్తూ అర నిమిషం ఊపిర్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి, 25 దాటితే తీవ్రమైనదే. మెడ కింది గుంట, పక్కటెముకల మధ్య చర్మం ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలికి పోవడం, పడుకోలేక ముందుకు వంగి చేతులు ఆనించి కూర్చోవడం, పెదవులు నీలమవడం, మగతగా ఉండడం లేదా తికమకగా మాట్లాడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు.

ఇంకోటి ఉంది, దాన్ని మంచి లక్షణమనుకుని చాలామంది మోసపోతారు. అప్పటిదాకా గట్టిగా వినిపించిన పిల్లికూతలు ఆగిపోతాయి, మనిషి మాత్రం ఇంకా అలసటగా, నీరసంగా ఉంటుంది. కూత రావాలంటే గొట్టంలో గాలి ఆడాలి. గాలే ఆడకపోతే చప్పుడుండదు. ఇక్కడ నిమిషాలే లెక్క.

ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్ ఉంటే వాడండి, SpO2 అంకె 92 కంటే తగ్గితే ఆలోచించొద్దు. చల్లటి వేళ్లకు, గోరింటాకు ముదురుగా ఉన్న వేళ్లకు అంకె తప్పు చూపించవచ్చు కాబట్టి వేలు వెచ్చబెట్టి, రంగులేని గోరు ఎంచుకోండి. 96 చూపించినా మాట తెగుతుంటే మాటనే నమ్మండి, అంకెను కాదు. ఆస్తమాలో ఆక్సిజన్ చాలాసేపు నిలబడి చివర్లో పడిపోతుంది.

ఆసుపత్రి దూరం కూడా లెక్కలోకి వస్తుంది. పట్నంలో పక్క వీధిలో ఆసుపత్రి ఉన్నవాళ్లు రెండో విడత పఫ్‌ల ఫలితం చూసి కదలొచ్చు. గంట ప్రయాణం ఉన్న పల్లెలో మొదటి నాలుగు పఫ్‌లకు సగమన్నా తగ్గకపోతే బండి మాట్లాడుకోవడం మంచిది. ఎందుకంటే అక్కడ ఆక్సిజన్, నెబ్యులైజర్‌తో పాటు ఇచ్చే ముఖ్యమైన మందు స్టెరాయిడ్. వాపును తగ్గించేది అదే, పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. ఎంత ముందు పడితే అంత మేలు. మీలా దూరంగా ఉండేవాళ్లకు, ముదిరితే ఎన్ని ప్రెడ్నిసొలోన్ మాత్రలు వేసుకుని బయలుదేరాలో డాక్టర్ ముందే రాసి ఇవ్వడం ఉంది, అడిగి రాయించుకోండి. సొంతంగా మాత్రం కొని వేసుకోవద్దు. ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకుని ఇంటికొచ్చి పడుకోవడం, నిద్ర పడితే తగ్గుతుందని నిద్రమాత్ర మింగడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. నిద్రమాత్ర ఊపిరినే మందగింపజేస్తుంది. ఆవిరి పట్టడం వల్ల కూడా ఈ ఆయాసానికి ఒరిగేదేమీ లేదు, సమయం పోవడం తప్ప.

నాకు మీ ఉత్తరంలో ఆ రాత్రి కంటే ఎక్కువ బాధనిపించిన మాట ‘వేరే మందు ఏదీ లేదు’ అన్నది. పదేళ్లుగా కండరాన్ని వదులు చేస్తూ వచ్చారు, వాపుకు ఏమీ వాడలేదు. ప్రపంచవ్యాప్తంగా డాక్టర్లు అనుసరించే గినా మార్గదర్శకాలు 2019 నుంచి సాల్బుటమాల్ ఒక్కటే వాడే పద్ధతి వద్దంటున్నాయి. 200 పఫ్‌ల పంపులు ఏడాదికి మూడు అంతకంటే ఎక్కువ అయిపోతున్నవాళ్లకు ఇలాంటి తీవ్రమైన దాడుల ముప్పు ఎక్కువని, పన్నెండు పంపులు, ఆపైన అయిపోతున్నవాళ్లకు మరణం ముప్పే పెరుగుతుందని అవి చెబుతాయి. మీకు ఏడాదికి ఎన్ని పడుతున్నాయో బిల్లులు చూసి లెక్కపెట్టండి. పీల్చే స్టెరాయిడ్ మందు మీకు అవసరం. బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిపిన పంపును రోజూ వాడుతూ, ఆయాసం వచ్చినప్పుడూ అదే వాడే పద్ధతి ఒకటుంది. అది మీకు సరిపోతుందో లేదో, రోజుకు ఎన్ని దాటకూడదో డాక్టర్ కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోపు తప్పకుండా చూపించుకోండి. ఇంకా వెళ్లకపోతే రేపే వెళ్లండి, పంపు, స్పేసర్ రెండూ తీసుకెళ్లి డాక్టర్ ముందే కొట్టి చూపించండి.

ఒకవేళ గుళిక వేసి తిప్పే రోటాహేలర్ ఇస్తే ఇక్కడ చెప్పిన మెల్లటి ఊపిరి దానికి పనికిరాదు. పొడి లేవాలంటే వేగంగా, బలంగా లాగాలి, పరికరంలోకి ఊదకూడదు. ఊదితే తేమకు పొడి ముద్దకడుతుంది. తీవ్రంగా ఆయాసపడుతున్న మనిషికి అంత బలం ఉండదు కాబట్టి అత్యవసరానికి పంపు, స్పేసర్ ఇంట్లో ఉండాల్సిందే.

పంపులో మందు మిగిలిందో లేదో ఆడించి చూస్తే తెలియదు. మందు అయిపోయినా అడుగున మిగిలిన వాయువు ‘తుస్సు’మని చిమ్ముతూనే ఉంటుంది. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూడటం కూడా నమ్మదగింది కాదు. అంకెలు చూపించే పంపు అయితే సున్నా రాకముందే మార్చండి. లేనిదయితే వాడిన పఫ్‌లు క్యాలెండర్ మీద గీతలు పెట్టుకోండి, 180 దాటగానే కొత్తది తెచ్చిపెట్టండి. ఒక్క రాత్రి ఆయాసంలోనే ఇరవై పఫ్‌లు అయిపోవచ్చు.

వచ్చే సంక్రాంతికి సజ్జలు దులిపే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. పొడి చీపురుతో, బూజుకర్రతో కాకుండా తడిగుడ్డతో తుడవమనండి. ఆ పూట మీరు ఇంట్లో ఉండొద్దు. దులిపిన రెండు మూడు గంటలకు గానీ సన్నని దుమ్ము కిందికి దిగదు. తప్పనిసరై మీరే చేస్తే ఎన్95 మాస్కు ముక్కుకు బిగుతుగా పెట్టుకోండి, చీర కొంగు దాన్ని ఆపలేదు. చలిలో బయటికి వెళ్తే కొంగో మఫ్లరో ముక్కుకు, నోటికి చుట్టుకుని ముక్కుతోనే ఊపిరి తీసుకోండి, దానికి మాత్రం గుడ్డ చక్కగా పనిచేస్తుంది. భోగి మంట దగ్గర చలి, పొగ రెండూ ఒకేసారి తగులుతాయి, అది కిటికీ వేసుకుని లోపలి నుంచే చూడండి.